లాక్‌డౌన్ ఏడాదిలో రూపాయి ఎందుకు మందగించింది?

2020 మార్చి 25న దేశమంతా షట్టర్లు దించింది. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. జనం చేతుల్లోనూ బ్యాంకు ఖాతాల్లోనూ ఉన్న మొత్తం డబ్బు సుమారు 12 శాతం పెరిగింది. దేశంలో తయారైన సరుకులు, అందిన సేవలు మాత్రం 6 శాతం దాకా తగ్గాయి. డబ్బు ఎక్కువ, సరుకు తక్కువ. ఇలాంటప్పుడు ధరలు భగ్గుమనాలి. కాగితం మీద లెక్క కడితే 19 శాతం పెరగాలని తేలుతుంది. నిజంగా పెరిగింది ఐదు శాతం లోపే. మిగిలిన పద్నాలుగు శాతం ఎటు పోయింది?

అర్థశాస్త్రం విద్యార్థులు పరీక్షల ముందు బట్టీ పట్టే నాలుగక్షరాల సమీకరణంతోనే దీన్ని తేల్చవచ్చు. దాని పేరు వినిమయ సమీకరణం.

MV = PY

ఇందులో M అంటే చలామణిలో ఉన్న డబ్బు. V అంటే ఆ డబ్బు ఏడాదిలో సగటున ఎన్నిసార్లు చేతులు మారిందో చెప్పే సంఖ్య, అంటే చలామణి వేగం. P ధరల స్థాయి. Y ఆ ఏడాది దేశంలో జరిగిన నిజమైన ఉత్పత్తి, అంటే ధరల పెరుగుదలను తీసేసి లెక్కగట్టినది. ఎడమ పక్కన ఉన్నది కొన్నవాళ్లు ఖర్చు పెట్టిన మొత్తం, కుడి పక్కన ఉన్నది అమ్మినవాళ్లకు ముట్టిన మొత్తం. ఒకరి ఖర్చే మరొకరి రాబడి కాబట్టి రెండూ సమానం కాక తప్పదు.

వేగం అన్న మాట కాస్త కంగారు పెడుతుంది. ఒక చిన్న ఊళ్లో ఒకే ఒక్క 500 రూపాయల నోటు తిరుగుతోందనుకుందాం. సోమవారం ఒకావిడ దర్జీకి కుట్టుకూలి కింద ఆ నోటు ఇచ్చింది. దర్జీ దాన్ని పిల్లాడి ట్యూషన్ ఫీజుగా కట్టాడు. ట్యూషన్ చెప్పే కుర్రాడు కూలర్ బాగుచేసిన మెకానిక్‌కి ఇచ్చాడు. మెకానిక్ ఆర్ఎంపీ డాక్టరు దగ్గర ఖర్చు పెట్టాడు. ఊళ్లో ఉన్న డబ్బు 500 రూపాయలే, జరిగిన పని మాత్రం 2,000 రూపాయలది. ఆ వారానికి నోటు వేగం నాలుగు. డాక్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే నోటు ఊళ్లోనే ఉంటుంది, వేగం సున్నా అవుతుంది.

ఈ సమీకరణాన్ని అందరికీ అలవాటు చేసినవాడు అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్. 1911లో వచ్చిన పుస్తకంలో ఆయన దాన్ని ఒక తక్కెడగా బొమ్మ వేసి చూపించాడు. ఒక పక్క డబ్బుసంచీ, బ్యాంకు పుస్తకం వేలాడుతుంటాయి. రెండో పక్క రొట్టె, బొగ్గు, బట్ట ఉంటాయి. ఫిషర్ రాసిన రూపంలో Y ఉండదు, T ఉంటుంది. T అంటే ఏడాదిలో జరిగిన ప్రతి లావాదేవీ. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ జవాబును తారుమారు చేస్తుంది. రైతు వడ్లను మిల్లుకు 2,000 రూపాయలకు అమ్మాడు. మిల్లు వాటిని బియ్యం చేసి వ్యాపారికి 3,000కు ఇచ్చింది. వ్యాపారి ఒక కుటుంబానికి 3,500కు అమ్మాడు. లావాదేవీలు కూడితే 8,500. జీడీపీలోకి ఎక్కేది మాత్రం చివరి 3,500 ఒక్కటే. డబ్బు అదే, ఊరు అదే, రెండు రకాల వేగాలు వస్తాయి. లావాదేవీలన్నిటినీ లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు గనుక ఈనాటి లెక్కలన్నీ జీడీపీతోనే చేస్తారు. ఈ వ్యాసంలోనూ అంతే.

ఇప్పుడు లాక్‌డౌన్ ఏడాది లెక్క. డబ్బుకు రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ఎం3 తీసుకుందాం. ప్రజల దగ్గరున్న నగదు, బ్యాంకుల్లోని కరెంటు, సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ ఇందులో ఉంటాయి. 2020 మార్చి చివర అది సుమారు 168 లక్షల కోట్ల రూపాయలు. 2021 మార్చి చివర 188.4 లక్షల కోట్లు. జీడీపీకి 2011-12 ఆధార సంవత్సరంగా ఉన్న శ్రేణి తీసుకుందాం. దాని ప్రకారం ప్రస్తుత ధరల జీడీపీ 2019-20లో సుమారు 201 లక్షల కోట్లు, 2020-21లో 198.3 లక్షల కోట్లు. స్థిర ధరల జీడీపీ మొదటి ఏడాది 145.3, రెండో ఏడాది 136.9 లక్షల కోట్లు. తర్వాతి సవరణల్లో దశాంశాలు అటూ ఇటూ కదిలాయి, కథ మాత్రం మారలేదు.

ముందు వేగం కడదాం. సమీకరణాన్ని తిప్పి రాస్తే V = PY/M. ఇక్కడే చాలామంది కాలు జారుతారు. ప్రస్తుత ధరల జీడీపీలో ధర ముందే కలిసి ఉంది, అంటే అదే PY. దాన్ని మళ్లీ P తో గుణిస్తే ధరను రెండుసార్లు లెక్కలోకి తెచ్చినట్టే. పరీక్ష పేపర్లో ‘నామినల్ జీడీపీ’ అని కనిపిస్తే దాన్ని నేరుగా M తో భాగించాలి, ‘రియల్ జీడీపీ’ అని ఉంటేనే P తో గుణించాలి.

2019-20: V = 201 / 168 = 1.196
2020-21: V = 198.3 / 188.4 = 1.053

అంటే ఒక్కో రూపాయి అంతకు ముందు ఏడాదికి సుమారు 1.2 సార్లు జీడీపీలో లెక్కకొచ్చే సరుకు కొనేది, లాక్‌డౌన్ ఏడాదిలో 1.05 సార్లే కొంది. వేగం 12 శాతం పడిపోయింది. డబ్బు పెరిగింది కూడా దాదాపు అంతే, 12.1 శాతం. రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులు, ప్రభుత్వం కలిసి వ్యవస్థలోకి ఎంత డబ్బు అదనంగా వదిలాయో, జనం కాస్త అటూ ఇటూగా అంతనూ కదలనివ్వకుండా అట్టిపెట్టుకున్నారు.

తర్వాత ధరల స్థాయి. P = MV/Y. మొదటి ఏడాది P అంటే 201ని 145.3తో భాగిస్తే వచ్చే 1.383. దీన్ని చదవడం తేలిక. 2011-12లో 100 రూపాయలకు వచ్చిన సరుకుల బుట్ట ఇప్పుడు 138 రూపాయలు. రెండో ఏడాదికి వచ్చేసరికి 198.3ని 136.9తో భాగిస్తే 1.449. అదే బుట్ట 145 రూపాయలైంది. పెరుగుదల 4.7 శాతం.

వేగం మారదని పట్టుబట్టిన విద్యార్థి ఏం రాసేవాడు? 188.4ను పాత వేగం 1.196తో గుణిస్తే 225.3. దాన్ని 136.9తో భాగిస్తే 1.646. బుట్ట ధర 165 రూపాయలు, పెరుగుదల 19 శాతం. లెక్కలో తప్పు లేదు, కూడిక తీసివేతలన్నీ సరైనవే. తప్పంతా ‘V స్థిరం’ అని ప్రశ్నలో మొదటి వాక్యంగా రాసే ఆ అలవాటులో ఉంది. పాఠ్యపుస్తకాలు ఆ వాక్యాన్ని ఎంత మామూలుగా రాస్తాయంటే, చదివేవాళ్లు దాన్ని ఊహ అనుకోరు, ప్రకృతి నియమం అనుకుంటారు.

శాతాలతో వేగంగా లెక్క తేల్చే అడ్డదారి ఒకటి ఉంది. డబ్బు పెరుగుదల శాతానికి వేగం పెరుగుదల శాతం కలిపితే, ధరల పెరుగుదల శాతం, ఉత్పత్తి పెరుగుదల శాతం కలిపినంత వస్తుందని. మామూలు ఏళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. లాక్‌డౌన్ ఏడాదికి వేసి చూస్తే ఎడమ పక్క 12.1 లోంచి 12 పోతే 0.1 మిగులుతుంది. కుడి పక్క 4.7 లోంచి 5.8 పోతే 1.1 మైనస్. రెండు వైపులా పొసగవు. మార్పులు రెండంకెలకు చేరితే వాటిని కూడకూడదు, గుణించాలి. 1.121ని 0.880తో గుణిస్తే 0.986, 1.047ను 0.942తో గుణిస్తే అంతే, 0.986. జవాబుపత్రంలో రెండు వైపులా ఒక శాతం తేడా వస్తే చాలాసార్లు కారణం ఇదే.

ఇంకో చిక్కు ఉంది, ఇది పరీక్షల్లో రాదు గానీ నిజమైన లెక్కల్లో తప్పదు. జీడీపీ ఏడాది పొడవునా పారిన ప్రవాహం. ఎం3 ఒక రోజు సాయంత్రం తీసిన నిల్వ. మార్చి 31 నాటి డబ్బుతో ఏడాది మొత్తం జీడీపీని భాగించడం అంత న్యాయం కాదు. ఏడాది మొదటి, చివరి నిల్వల సగటు తీసుకుంటే వేగం 1.25 నుంచి 1.11కు తగ్గినట్టు కనిపిస్తుంది. పడిపోయింది 12 శాతం కాదు, సుమారు 11 శాతం. దిశ మారలేదు, మోతాదు కొంచెం మారింది. ఇద్దరు నిపుణులు ఒకే ఏడాదికి రెండు వేగాలు చెబితే ముందు అడగాల్సింది ఏ తేదీ డబ్బు తీసుకున్నారని.

సమీకరణం వేగం తగ్గిందని చెబుతుంది. ఎందుకో చెప్పదు. దానికి ఆ ఏడాది ఏం జరిగిందో చూడాలి.

డబ్బు పెరిగిన దారులు తెలిసినవే. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు పెద్ద ఎత్తున డాలర్లు కొంది. విదేశీ మారక నిల్వలు ఒక్క ఏడాదిలో వంద బిలియన్ డాలర్ల దాకా పెరిగాయి. కొన్న ప్రతి డాలరుకూ బదులుగా వ్యవస్థలోకి రూపాయలు వచ్చాయి. రెపో రేటు 5.15 శాతం నుంచి రెండు నెలల్లోపు 4 శాతానికి దిగింది. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు కేంద్రం మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలు వేసింది. అప్పుల వాయిదాలపై ఆగస్టు చివరి దాకా మారటోరియం ఇచ్చారు. అప్పు తీరిస్తే ఆ మేరకు డిపాజిట్ మాయమవుతుంది. తీర్చకపోతే ఖాతాలోనే ఉండిపోతుంది.

ఖర్చు పెట్టే దారులు మూసుకుపోయాయి. సినిమా హాళ్లు, హోటళ్లు, రైళ్లు, పెళ్లి మండపాలు అన్నీ నెలల తరబడి ఆగాయి. ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో జీడీపీ దాదాపు నాలుగో వంతు పడిపోయింది. దారులున్నవాళ్లు కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రి బిల్లు ఎప్పుడు మీద పడుతుందో తెలియని రోజుల్లో ఫ్రిజ్ మార్చే ఆలోచన ఎవరికి వస్తుంది? ప్రజల దగ్గర నగదు ఎం3 కన్నా వేగంగా, సుమారు 17 శాతం పెరిగింది. ఆ నోట్లన్నీ అల్మరాల్లో కూర్చున్నాయి. ఆర్థికవేత్తలు దీన్ని ముందుజాగ్రత్త కోసం దాచుకున్న డబ్బు అంటారు. సమీకరణంలో దానికి విడిగా అక్షరం లేదు, V తగ్గుదలగానే కనిపిస్తుంది.

మరుసటి ఏడాది ఇదే సినిమా వెనక్కి తిరిగింది. 2021-22లో డబ్బు సుమారు 9 శాతమే పెరిగింది. వేగం మళ్లీ 1.15కు లేచింది. ఉత్పత్తి 9 శాతం పైగా కోలుకుంది, జీడీపీలోని ధరలు ఎనిమిది శాతం పైగా పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరగా, మే 4న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును అనుకోని సమయంలో పెంచింది. దాచుకున్న డబ్బు బయటికి రావడం ఇందులో ఒక కారణం మాత్రమే. ముడిచమురు, వంటనూనెలు, యుద్ధం కూడా ఉన్నాయి. వాటిలో ఏది ఎంతన్నది MV = PY చెప్పలేదు. ఆ పని దానితో చేయించబోవడం ఈ సమీకరణంతో జరిగే అతి పెద్ద పొరపాటు.

ధరల విషయంలో మరో మాట. పైన కట్టిన P దేశంలో తయారైన ప్రతిదాని సగటు ధర. కూరగాయల మార్కెట్లో సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషి చూసేది వినియోగదారుల ధరల సూచీ. 2020-21లో అది సగటున 6.2 శాతం పెరిగింది, మన లెక్కలో వచ్చిన 4.7 కన్నా ఎక్కువ. రెండు అంకెలూ నిజమే, రెండు బుట్టలు వేరు.

వేగం పైకి పరుగెత్తితే ఏమవుతుందో జర్మనీ 1923లో చూసింది. జీతం అందగానే దుకాణానికి పరుగు తీసేవారు, సాయంత్రానికి ధర మారిపోతుంది కాబట్టి. మార్కును చేతిలో ఉంచుకోవడమే నష్టమైనప్పుడు వేగం ఆకాశానికి పోతుంది. అందుకే ఆ చివరి నెలల్లో ధరలు నోట్ల ముద్రణ కన్నా కూడా వేగంగా పెరిగాయి. V స్థిరం అనుకుంటే మన లాక్‌డౌన్ ఏడాదిలో ధరల పెరుగుదలను ఎక్కువ అంచనా వేస్తాం, జర్మనీలో తక్కువ అంచనా వేస్తాం.

M ఏదో సరిగ్గా ఎంచుకోకపోతే వచ్చే చిక్కుకు మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. విలువలో అవి చలామణిలో ఉన్న నోట్లలో 86 శాతం. డబ్బు 86 శాతం పోయింది, కాబట్టి ధరలు కూలాలి అని లెక్క కట్టినవాళ్లు లేకపోలేదు. నగదు నిజంగానే తగ్గింది. నవంబరు మొదట్లో దాదాపు 18 లక్షల కోట్లున్నది జనవరి మొదటికి సగానికి, 9 లక్షల కోట్లకు వచ్చింది. అయితే రద్దయిన నోట్లలో 99 శాతం పైగా బ్యాంకులకు చేరి డిపాజిట్లయ్యాయి. నగదు జేబులోంచి ఖాతాలోకి మారింది తప్ప ఎం3లోంచి బయటికి పోలేదు. నగదునే M అనుకుని లెక్క కడితే దాని వేగం రెండు నెలల్లో రెట్టింపు అయినట్టు వస్తుంది. ఎం3తో కడితే పెద్ద మార్పేమీ కనిపించదు. రద్దు తర్వాత కూరగాయల ధరలు పడ్డ మాట నిజమే. రైతుబజారులో ఇవ్వడానికి చిల్లర లేకపోవడం వేరు, దేశంలో డబ్బు తగ్గడం వేరు.

ఎం3 లెక్కన మన దేశంలో వేగం దీర్ఘకాలంగా తగ్గుతూ వచ్చింది. 1970-71లో ఎం3 సుమారు 11 వేల కోట్లు, జీడీపీ దానికి నాలుగు రెట్లకు పైగా. అంటే వేగం నాలుగు పైన. ఇప్పుడు 1.2. రూపాయికి బద్ధకం పట్టిందని కాదు. 1969 జులైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాక శాఖలు పల్లెలకు వచ్చాయి. అంతకు ముందు పొదుపు బంగారంగానో, ధాన్యంగానో, చేబదులుగానో ఉండేది. అదంతా క్రమంగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారింది. ఎం3లోకి చేరిన ఆ డిపాజిట్లు రోజువారీ కొనుగోళ్లకు కదలవు. కింది అంకె పెద్దదవుతూ పోతే భాగహారం ఫలితం చిన్నదవుతుంది.

ఈ తగ్గుదలను లెక్కలోకి తీసుకునే 1985లో సుఖమయ్ చక్రవర్తి కమిటీ రిజర్వ్ బ్యాంకుకు ఒక దారి చూపించింది. ఉత్పత్తి ఎంత పెరుగుతుందో అంచనా వెయ్యాలి, ఎంత ధరల పెరుగుదల భరించగలమో నిర్ణయించుకోవాలి, దాన్ని బట్టి ఏటా ఎం3 ఎంత పెరగనివ్వాలో తేల్చాలి. ధరలకు కమిటీ పెట్టిన హద్దు 4 శాతం. ఉదాహరణకు ఉత్పత్తి 5 శాతం పెరుగుతుందని, ఆదాయం ఒక శాతం పెరిగితే జనం 2 శాతం ఎక్కువ డబ్బు దగ్గర ఉంచుకుంటారని అనుకుందాం. అప్పుడు 5ని 2తో గుణించి 4 కలిపితే 14 శాతం. మన అడ్డదారి సూత్రంలో పెట్టి చూస్తే వేగం ఏటా 5 శాతం తగ్గుతుందని ఒప్పుకున్నట్టే. 14 లోంచి 5 పోతే 9, అది 4, 5ల మొత్తం. 1990ల్లో ఆర్థిక రంగం తెరుచుకున్నాక ఆ తగ్గుదలను ముందుగా పట్టుకోవడం కష్టమైంది. 1998లో రిజర్వ్ బ్యాంకు ఒక్క ఎం3 మీదే ఆధారపడే పద్ధతిని వదిలి చాలా సూచికలు చూడటం మొదలుపెట్టింది. 2016 నుంచి నేరుగా ధరలనే లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం కూడా 4 శాతమే, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుతో.

ఇక ఫోనుతో చెల్లింపుల సంగతి. టీ కొట్టు దగ్గర కూడా స్కాన్ చేసే కాలం కాబట్టి రూపాయి వేగం పెరిగిపోయి ఉంటుందని చాలామంది నమ్ముతారు. యూపీఐలో 2019-20లో సుమారు 21 లక్షల కోట్ల రూపాయలు కదిలాయి. 2024-25లో 260 లక్షల కోట్లు, పన్నెండు రెట్లు. 2024-25 జీడీపీ దాదాపు 331 లక్షల కోట్లు, 2025 మార్చి చివరి ఎం3 దాదాపు 272 లక్షల కోట్లు. భాగిస్తే 1.22. లాక్‌డౌన్‌కు ముందున్నది 1.2. అన్న తమ్ముడికి పంపిన డబ్బు, అద్దె పంచుకున్న రూమ్‌మేట్లు ఒకరికొకరు వేసుకున్నది, దుకాణదారు హోల్‌సేలర్‌కు కట్టినది, అన్నీ యూపీఐ మొత్తంలో ఉంటాయి. వాటితో ఫిషర్ T పెరుగుతుంది. జీడీపీలోకి ఎక్కేది చివరి కొనుగోలు ఒక్కటే. దానిలో ఎక్కువ భాగం ఇంతకు ముందు నోటుతో జరిగింది, ఇప్పుడు ఫోనుతో జరుగుతోంది.